అప్రెంటిస్‌షిప్ మధ్యలో మానేస్తూ ల్యాబ్ సార్‌కి లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చేశాను. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో జనవరిలో ఏడాది అప్రెంటిస్‌గా చేరాను. ఈ సీజన్‌లో కొత్తగా వచ్చినవాళ్లకు ఆమ్లత కొలిచే టైట్రేషన్ నేర్పుతుంటే టీచింగే నా దారి అనిపించింది. ఎడ్‌సెట్ రాశాను, మంచి ర్యాంకు వచ్చింది. బీఈడీలో చేరాలంటే మధ్యలో మానేయాలి. నాకు పని నేర్పిన ల్యాబ్ ఇన్‌చార్జి సార్‌కి ఏమని రాయాలి? నెట్‌లో దొరికిన లెటర్లో ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని ఉంది. అది చాలా? సార్ బాధపడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

చాలదమ్మా. పైగా ఆ మాట మీ సార్ విషయంలో ఎదురు తిరుగుతుంది. మీరు రాయాల్సింది రెండు లెటర్లు. ఒకటి హెచ్‌ఆర్‌కి, కాంట్రాక్టు ముగించమని అడిగే అర్జీ. ఐదారు వాక్యాల్లో, పొడిగా, ఇంగ్లిష్‌లో ఉన్నా ఫర్వాలేదు. రెండోది మీ సార్‌కి, తెలుగులో, ఒక పేజీ దాటకుండా. అందులో ఆయన మీకు నేర్పిన ఒక పని పేరుపెట్టి చెప్పాలి, మీరు ఎందుకు దారి మార్చుకుంటున్నారో ఉన్నదున్నట్టు రాయాలి, మీ చేతిలో ఉన్న పని ఎవరికి ఏ స్థితిలో అప్పగిస్తున్నారో రాయాలి. ఈ రెండూ ఇవ్వడానికి ముందే సార్‌కి నోటితో చెప్పాలి. సీటు వచ్చాక చెబుదామని ఆగకండి, ఈ వారంలోనే చెప్పండి.

నేను ఇరవై రెండేళ్లుగా చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ల్యాబుల్లోనే ఉన్నాను. నా దగ్గర అప్రెంటిస్‌గా చేరి మధ్యలో వెళ్లినవాళ్లు పదిమందికి పైనే ఉంటారు. కొందరు లెటర్ ఇచ్చి వెళ్లారు, కొందరు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పడేసి వెళ్లారు. ఒకడైతే తెల్లకోటు కూడా ఇవ్వలేదు, ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది.

ముందు ఆ ‘వ్యక్తిగత కారణాలు’ సంగతి. డిగ్రీ అయ్యాక నేనూ ఒకచోట ట్రైనీగా చేరి, ఎనిమిది నెలలకే వేరే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి మానేశాను. ఎవరో ఇచ్చిన నమూనా చూసి సరిగ్గా ఆ మాటే రాశాను. నిజానికి కారణం చాలా మామూలుది, జీతం. కానీ నాకు పని నేర్పిన పెద్దాయన అది చదివి వేరేలా అర్థం చేసుకున్నారు. అంతకు పది రోజుల ముందు ఒక బ్యాచ్ ఆమ్లత తప్పు రాశానని అందరి ముందూ గట్టిగా తిట్టారు. ఆ కోపంతోనే వెళ్లిపోతున్నాననుకున్నారు. నాలుగేళ్ల తర్వాత దామలచెరువు మార్కెట్ దగ్గర కనబడితే, పలకరించాక ఆయన అన్న మొదటి మాట ఇదే: ‘ఆరోజు నేను అంత మాట అనకుండా ఉండాల్సిందిరా’. నాకు నోట మాట రాలేదు. కారణం చెప్పకుండా ఖాళీ వదిలితే, ఆ ఖాళీని ఎదుటివాళ్లు తమ తప్పుతో నింపుకుంటారు. హెచ్‌ఆర్‌కి ఇచ్చే కాగితంలో ఆ మాట ఉన్నా నష్టం లేదు, అక్కడ ఎవరూ నొచ్చుకోరు. నేర్పినవాళ్లకు ఇచ్చే లెటర్లో మాత్రం వద్దు.

ఇక రెండు లెటర్లు ఎందుకంటే, మీది మామూలు ఉద్యోగం కాదు. డిగ్రీవాళ్లను ఎక్కువగా కేంద్రం నడిపే అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్ ద్వారా తీసుకుంటారు, మీదీ అదే అయితే మీ కాంట్రాక్టు 1961 అప్రెంటిస్ చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టంలో 7వ సెక్షన్ కాంట్రాక్టు ముగింపు గురించి చెబుతుంది. గడువు పూర్తయితే కాంట్రాక్టు దానంతట అదే ముగుస్తుంది. ముందే ముగించాలంటే ఇద్దరిలో ఎవరైనా అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి, దాని కాపీ రెండోవాళ్లకు పంపాలి. మన ప్రాంతంలో నాట్స్ కాంట్రాక్టులు చూసేది చెన్నై తరమణిలో ఉన్న దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ బోర్డు. ఆచరణలో మీరు హెచ్‌ఆర్‌కి అర్జీ ఇస్తే, వాళ్లు పోర్టల్‌లో ముగింపు తేదీతో ఎక్కిస్తారు.

చెప్పాపెట్టకుండా మానేస్తే అది కాంట్రాక్టు నిబంధన మీరు తప్పినట్టవుతుంది. తప్పు అప్రెంటిస్‌ది అయినప్పుడు శిక్షణ ఖర్చు కింద చివరిగా తీసుకున్న స్టైపెండ్‌కు మూడు నెలల మొత్తం రాబట్టుకోవచ్చని నియమాల్లో ఉంది. తప్పు యాజమాన్యానిది అయితే అంతే మొత్తం వాళ్లు మీకివ్వాలి. ఒప్పుకుని, అర్జీ పెట్టుకుని వెళ్లినవాళ్ల దగ్గర ఇలా వసూలు చేయడం నేనైతే చూడలేదు. అయినా మీరు సంతకం పెట్టిన కాంట్రాక్టు కాగితం ఒకసారి తీసి చదవండి. ఇంకో విషయం, మీరు వెళ్లిన తేదీ పోర్టల్‌లో పడకపోతే కాంట్రాక్టు ఇంకా నడుస్తున్నట్టే కనబడుతుంది. రేపు ఎక్కడైనా మీ వివరాలు చూస్తే, అప్పటికి మీరు కాలేజీలోనూ ఉన్నట్టు, ఫ్యాక్టరీలోనూ ఉన్నట్టు కనబడటం బాగుండదు.

ఈ లెక్కలన్నీ హెచ్‌ఆర్ కాగితానికి సంబంధించినవి. సార్ లెటర్లోకి వీటిని తేకండి. ఒకే లెటర్లో రెండూ కలిపితే సెక్షన్ నంబరు పక్కన కృతజ్ఞత వచ్చి కూర్చుంటుంది, చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది.

నోటితో ముందే ఎందుకు చెప్పాలంటే, కౌన్సెలింగ్‌లో సీటు అలాట్ అయ్యాక కాలేజీలో రిపోర్టు చేయడానికి కొద్ది రోజులే గడువిస్తారు. అప్పుడు చెబితే మీ సార్‌కి వారం కూడా మిగలదు. మన ఫ్యాక్టరీల్లో వారం అంటే ఏమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. జూన్, జులైలో కాయ కొనే ర్యాంపుల నుంచి తోతాపురి లారీలు వరసకట్టి ఉంటే ల్యాబ్‌లో ఒక మనిషి తగ్గినా షిఫ్టు కుంటుతుంది. తీపి ఎంతో చెప్పే బ్రిక్స్, ఆమ్లత, పీహెచ్ చూసి ఓకే అనేదాకా ఫిల్లింగ్ ఆగాలి. ఆగితే ప్లాంటు పైనుంచి కిందిదాకా అందరూ ల్యాబ్ తలుపు వైపే చూస్తారు. కాబట్టి కాయ తగ్గి లైన్ నెమ్మదించాక వెళ్లడం ఒక పద్ధతి. తేదీ మన చేతిలో లేదనుకోండి, కనీసం ఆయనకు ముందుగా తెలియాలి.

ఎలా చెప్పాలంటే, షిఫ్టు మారేటప్పుడు కాదు, పక్కన నలుగురు ఉన్నప్పుడు అసలే కాదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఆయన రిజిస్టర్లో సంతకాలు పెట్టుకుంటూ తీరుబడిగా ఉన్నప్పుడు వెళ్లి, ‘సార్, ఎడ్‌సెట్ రాశాను, ర్యాంకు వచ్చింది. సీటు వస్తే చేరదామనుకుంటున్నాను. ముందు మీకు చెబుదామని వచ్చాను’ అనండి. అంతే. ‘సీటు రాకపోతే ఉంటావా?’ అని అడుగుతారు, నిజం చెప్పండి. ఉండాలనుంటే ఉంటానని, వేరే ఆలోచన ఉంటే అదీ. కొందరు ఈ మాట ముందే చెబితే సార్ పని చెప్పడం మానేస్తారేమోనని భయపడతారు. నా అనుభవంలో అలా జరగడం తక్కువ. ముందే తెలిస్తే నేనైతే ఆ అప్రెంటిస్ పక్కన ఇంకొకరిని నిలబెడతాను, పని చేతులు మారడానికి టైం దొరుకుతుంది.

ఇప్పుడు అసలు లెటర్. మూడేళ్ల కిందట నా దగ్గర పనిచేసిన అమ్మాయి మీలాగే మధ్యలో వెళ్లింది, ఆమె వెళ్లింది ఎమ్మెస్సీకి. మొదట చూపించిన డ్రాఫ్ట్‌లో ఇలా ఉంది: ‘మీరు నాకు అందించిన అమూల్యమైన మార్గదర్శకత్వానికి, అపారమైన సహకారానికి ఎంతో రుణపడి ఉంటాను.’ నేను నవ్వి, ‘ఇది నాకే రాశావా? పక్క ఫ్యాక్టరీ మేనేజర్‌కి ఇచ్చినా సరిపోతుందే’ అన్నాను. మళ్లీ రాసుకొచ్చింది. రెండోసారి తెచ్చినదాంట్లో ఒక చిన్న విషయం ఉంది, దాంతో మిగతా పొగడ్తలన్నీ అవసరం లేకుండా పోయాయి. వేడి గుజ్జు చుక్కను రిఫ్రాక్టోమీటర్ మీద పెట్టి బ్రిక్స్ తక్కువగా రాస్తుంటే, నేను ఆపి, అది చల్లబడేదాకా తన పక్కనే నిలబడ్డానట. వేడిగా ఉన్నప్పుడు బ్రిక్స్ తక్కువ చూపిస్తుందని, ఆ పరికరం 20 డిగ్రీల లెక్కకు కట్టిందని అప్పుడు చెప్పానట. నాకు అది గుర్తే లేదు. కానీ చదువుతుంటే ఆ అమ్మాయి నిజంగా నేర్చుకుని వెళ్తోందని తెలిసింది.

మీ విషయంలో ఆ ఒక్క సంగతి టైట్రేషనే అవుతుందనుకుంటున్నాను, ఎందుకంటే మీ దారి మలుపు కూడా అక్కడే ఉంది. మామిడి గుజ్జులో రంగు మారే ఎండ్ పాయింట్ పట్టడం కొత్తవాళ్లకు ఎంత కష్టమో మీకు తెలుసు. ఫినాల్ఫ్తలీన్ ఇచ్చే లేత గులాబీ ఆ పసుపులో కలిసిపోతుంది. అది కనబడేదాకా కాస్టిక్ సోడా వదులుతూ పోతే ఆమ్లత ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. 0.52 రావాల్సింది 0.60 అని రిజిస్టర్లో ఎక్కుతుంది. గుజ్జును నీళ్లతో బాగా పలచన చేసి, ఫ్లాస్కు కింద తెల్ల టైల్ పెట్టుకుంటే ఆ గులాబీ కంటికి అందుతుంది. మీ సార్ మీకు చెప్పి ఉంటారు, మీరు కొత్తవాళ్లకు చెప్పి ఉంటారు. మీ సార్ మరో విధంగా నేర్పి ఉంటే అదే రాయండి, నా మాట తీసుకోకండి.

లెటర్ దాదాపు ఇలా వస్తుంది:

> గౌరవనీయులైన సార్‌కి,
>
> నమస్కారం. పోయిన నెలలో మీకు చెప్పినట్టు, నాకు బీఈడీలో సీటు వచ్చింది. ఈ నెల 30తో ల్యాబ్‌లో నా పని ముగిస్తున్నాను. కాంట్రాక్టు ముగింపు అర్జీ హెచ్‌ఆర్‌లో ఇచ్చాను. ఇది మీకు విడిగా రాస్తున్నాను.
>
> చేరిన కొత్తలో నాకు టైట్రేషన్ ఎండ్ పాయింట్ కనబడేది కాదు. వరసగా మూడు రీడింగులు తప్పు రాశాను. మీరు కోప్పడకుండా, ఫ్లాస్కు కింద తెల్ల టైల్ పెట్టి, మీరొక చుక్క, నేనొక చుక్క వదులుతూ నా కంటికి రంగు అందేదాకా చేయించారు. ఈ సీజన్‌లో కొత్తవాళ్లు వచ్చినప్పుడు నేనూ వాళ్లకు అలాగే నేర్పాను. వాళ్లకు మొదటిసారి గులాబీ రంగు కనబడ్డప్పుడు నాకు కలిగిన సంతోషం, నా రీడింగు సరిగ్గా వచ్చినప్పుడు కూడా కలగలేదు. అప్పుడే స్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాలని అనిపించింది. ఈ పని నచ్చక వెళ్లడం లేదు సార్.
>
> ఏడాది ఉంటానని చేరి మధ్యలో వెళ్తున్నందుకు మీకు ఇబ్బంది అవుతుందని తెలుసు. నేను చూసే మూడు రిజిస్టర్లు నిన్నటివరకు పూర్తి చేశాను. ఇంక్యుబేషన్ గదిలో ఉన్న శాంపిళ్ల జాబితా, ఏ బ్యాచ్ ఏ రోజు తీసి చూడాలో తేదీలతో సహా వెనక జతచేశాను. పీహెచ్ మీటర్ కాలిబ్రేషన్ కొత్తవాళ్ల చేత వారం రోజులుగా చేయిస్తున్నాను, ఇప్పుడు వాళ్లే చేయగలరు.
>
> ఇట్లు, మీ అప్రెంటిస్

ఇందులో ఏం పెట్టామో, ఏం వదిలేశామో చూడండి. మొదటి పేరాలోనే తేదీ, విషయం వచ్చేశాయి. చదివేవాళ్లు ‘ఇంతకీ ఏమంటోంది?’ అని కిందిదాకా వెతుక్కోకూడదు. కృతజ్ఞత, కారణం వేరువేరుగా లేవు, ఒకదాని నుంచి ఒకటి పుట్టాయి. మీ అదృష్టం ఏమిటంటే ఇది అల్లిన కథ కాదు, ప్రశ్నలో మీరే రాసిన సంగతి. అందరికీ ఇలా కుదరదు. బ్యాంకు ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ల్యాబ్ వల్లే బ్యాంకు మీద మనసు పడిందని రాస్తే నవ్వులాటగా ఉంటుంది. వాళ్లు ‘స్థిరమైన ఉద్యోగం కావాలి, ఇంటి పరిస్థితి అది’ అని ఒక్క వాక్యం రాసి, కృతజ్ఞత విడిగా రాసుకోవాలి.

‘ఈ పని నచ్చక వెళ్లడం లేదు’ అన్న వాక్యం నిజమైతేనే ఉంచండి. నచ్చకపోతే తీసేయండి, దాని బదులు వేరేది పెట్టకండి. స్టైపెండ్ చాలదని, నైట్ షిఫ్టు కష్టమని, ఇంట్లోవాళ్లు ఒత్తిడి చేశారని ఈ లెటర్లో రాయకూడదు. అవి నిజమే కావచ్చు. కానీ మీ సార్ చేతిలో లేని విషయాలు ఆయనకు రాసి ప్రయోజనం లేదు. హెచ్‌ఆర్ అడిగితే అక్కడ చెప్పండి. క్షమాపణ కూడా ఒక్కసారే. నాలుగుచోట్ల ‘క్షమించండి’ అని ఉంటే, ఏదో పెద్ద తప్పు జరిగిందేమోనని ఆయనే అనుమానపడతారు.

లెటర్లో బరువైనది మూడో పేరా. పిల్లలు ఎక్కువగా వదిలేసేది కూడా అదే. ఎందుకు బరువో ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట నేనున్న చోట ఒక అబ్బాయి సీజన్ మధ్యలో ఆదివారం రాత్రి మెసేజ్ పెట్టి సోమవారం నుంచి రాలేదు. అసెప్టిక్ బ్యాగుల్లో నింపిన ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని శాంపిళ్లు ఇంక్యుబేషన్‌లో పెట్టి, రోజుల తరబడి ఉబ్బుతాయేమో చూస్తాం కదా, ఆ రిజిస్టర్ అతని దగ్గరుండేది. చివరి మూడు రోజులు ఖాళీ. శాంపిళ్లు గదిలో ఉన్నాయి, కొన్నింటి మీద బ్యాచ్ నంబరు ఉంది, ఏ తేదీన పెట్టారో లేదు. గడువు ఎప్పుడు పూర్తవుతుందో తెలియక ఆ బ్యాగులున్న డ్రమ్ములు పంపలేకపోయాం. మళ్లీ శాంపిళ్లు తీసి, మొదటి నుంచి పెట్టి, లెక్క పెట్టుకున్నాం. గుజ్జులో ఏ లోపమూ లేదు, కాగితం లేకపోవడమే లోపం. ఆ అబ్బాయి పని బాగానే చేసేవాడు, కానీ అతని పేరు చెబితే ఇప్పటికీ మా వాళ్లకు గుర్తొచ్చేది ఆ మూడు ఖాళీ గళ్లే.

కాబట్టి ‘పని అంతా అప్పగించాను’ అని రాయకండి. ఏ రిజిస్టర్, ఏ తేదీ వరకు, ఎవరికి అని రాయండి. సగంలో ఉన్నవి ఉంటే సగంలో ఉన్నాయనే రాయండి. మీరు తయారుచేసిన సోడా ద్రావణం సీసా మీద తేదీ, బలం రాసి ఉందో లేదో చూసుకోండి. లేబుల్ లేని సీసా మీ తర్వాతివాళ్లు పారబోయాల్సిందే. ఆ జాబితా లెటర్లో కాకుండా వెనక ఒక కాగితం మీద పెడితే, దాన్ని తీసి ల్యాబ్‌లో అంటించుకుంటారు, లెటర్ సార్ దగ్గరే ఉంటుంది.

కాగితం మీద చేత్తో రాయాలా, టైప్ చేయాలా అంటే నాకు చేత్తో రాసిందే ఇష్టం, అది నా పాతకాలపు అలవాటనుకోండి. కానీ వాట్సాప్‌లో ఫొటో తీసి పంపడం మాత్రం వద్దు. చివరి రోజు హడావిడిలో కాకుండా రెండు రోజుల ముందు ఆయన చేతికే ఇవ్వండి. అప్పుడే విప్పి చదవమని నిలబడకండి, మన ముందు చదవాలంటే పెద్దవాళ్లకు ఇబ్బంది.

ఆ తర్వాత హెచ్‌ఆర్ దగ్గర మూడు పనులు చూసుకోండి. మీ అర్జీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. పోర్టల్‌లో మీ లాగిన్‌లో ముగింపు తేదీ కనబడుతుందో లేదో చూడండి. ఏడాది పూర్తి కాలేదు కాబట్టి బోర్డు ఇచ్చే ప్రావీణ్య సర్టిఫికెట్ మీకు రాదు, దాని కోసం వాదించకండి. దాని బదులు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసినట్టు కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక కాగితం అడగండి. చేసిన పరీక్షల పేర్లు కూడా అందులో రాయమనండి. అడిగేటప్పుడు వాటిని మీరే ఒక చీటీ మీద రాసి ఇస్తే, వాళ్లకు టైప్ చేయడం తేలిక.

తెల్లకోటు ఉతికి ఇచ్చేయండి.